సొమ్ము మనది, గడియారం వాళ్ళది

ముందుగా ఒక ఒప్పుకోలు. ఈ టపాలో నేను తిట్టబోయే రిపోర్టు రాసింది ఎవరో కాదు, నేనే. కాబట్టి ఫైనాన్సు వాళ్ళ మీద రాళ్ళెయ్యడానికి బయల్దేరాననుకోకండి. మొదటి రాయి నా నెత్తి మీదే పడుతుంది. మిగిలినవి ఎవరికి తగలాలో వాళ్ళకి తగుల్తాయి.

మనలో చాలామందిమి ఎప్పుడో ఒకప్పుడు కంపెనీ పని మీద ఊరెళ్ళినవాళ్ళమే. టికెట్టు, హోటలు, ఆటో, భోజనం.. అన్నీ మన జేబులోంచో, మన క్రెడిట్ కార్డు మీదో పెట్టి, తిరిగొచ్చాక బిల్లులు స్కాను చేసి క్లెయిము పెడతాం. ఆ తరవాత ఎదురు చూస్తాం. ఈ ఎదురుచూపులకి కూడా కంపెనీలో ఒక రిపోర్టు ఉంటుంది. ఇంకా చెల్లించని ప్రతి క్లెయిమూ ఎన్ని రోజులుగా పడి ఉందో లెక్కేసి 0-30, 31-60, 61-90, 90 పైన అని నాలుగు బకెట్లలో వేస్తారు. దీన్నే ఏజింగ్ అంటారు. నెలాఖరున ఫైనాన్సు పెద్దలు ఆ నాలుగు అంకెలూ చూస్తారు. చివరి బకెట్టు ఖాళీగా ఉంటే అందరూ హాయిగా నిద్రపోతారు.

మా కంపెనీలో ఆ చివరి బకెట్టు నెలల తరబడి ఖాళీగానే ఉంది. దానికి నాకో మెచ్చుకోలు మెయిలు కూడా వచ్చింది. నేనూ హాయిగానే నిద్రపోయాను. 2025 జూన్లో మా టీములో చేరి ఏడాది కూడా కాని ఒక కుర్రాడు నా సీటు దగ్గరకొచ్చి నిలబడేదాకా.

"అన్నా, ఆ క్లెయిముల రిపోర్టు నువ్వే రాశావంట కదా. అందులో నా పేరెక్కడుందో కాస్త చూస్తావా?"

చూశాను. మే నెలాఖరు రిపోర్టులో ఉన్నాడు. 46,850 రూపాయలు, వయసు 8 రోజులు, మొదటి బకెట్టు. "ఎనిమిది రోజులే కదరా, అప్పుడే కంగారెందుకు?" అన్నాను. వాడు నా వంక చూసిన చూపు ఇంకా గుర్తుంది. "ఎనిమిదా అన్నా? నేను పెట్టింది మార్చిలో."

వాడి కథ పూర్తిగా చెప్తాను, ఎందుకంటే నా వాదనంతా ఆ తారీఖుల్లోనే ఉంది.

కుర్రాడు 2025 మార్చి 3 నుంచి 14 దాకా చెన్నైలో క్లయింటు దగ్గర పని చేశాడు. మార్చి 18న క్లెయిము పెట్టాడు. మేనేజరు ఏప్రిల్ 9న ఆమోదించాడు. ఫైనాన్సు వాళ్ళు ఏప్రిల్ 16న వెనక్కి పంపారు, హోటలు బిల్లు మీద కంపెనీ జీఎస్టీ నంబరు లేదని. వాడు ఆ హోటలు వాళ్ళకి ఫోన్ల మీద ఫోన్లు చేసి, బిల్లు మళ్ళీ రాయించుకుని, మే 5న తిరిగి పెట్టాడు. మా సిస్టములో తిరిగి పెట్టినది మళ్ళీ మొదట్నుంచీ ఆమోదం పొందాలి. మేనేజరు మే 19న నొక్కాడు. ఫైనాన్సు వాళ్ళు మే 23న సరిచూసి సరే అన్నారు. అయితే డబ్బులు జీతంతో పాటే వేస్తారు, దానికి గడువు ప్రతి నెలా 20. మూడు రోజుల తేడాలో మే జీతం దాటిపోయింది. చివరికి జూన్ 30న జీతంతో పాటు పడ్డాయి.

మార్చి 18 నుంచి జూన్ 30 దాకా లెక్కపెట్టండి. 104 రోజులు. 90 పైన బకెట్టులో కాలు మీద కాలేసుకుని కూర్చోవాల్సిన క్లెయిము. మరి నా రిపోర్టులో నెలనెలా ఏం కనబడిందో చూడండి.

- మార్చి 31: వయసు 13 రోజులు. మొదటి బకెట్టు. ఇది నిజమే.
- ఏప్రిల్ 30: అసలు రిపోర్టులోనే లేదు.
- మే 31: వయసు 8 రోజులు. మళ్ళీ మొదటి బకెట్టు. అసలు వయసు 74.
- జూన్ 30: డబ్బు పడిపోయింది కాబట్టి లేదు.

అంటే నూట నాలుగు రోజులు నానిన క్లెయిము, పుట్టిన దగ్గర్నుంచి పోయేదాకా, ఒక్కసారి కూడా మొదటి బకెట్టు దాటలేదు! చివరి బకెట్టు ఎందుకు ఖాళీగా ఉందో అప్పుడర్థమైంది. అక్కడిదాకా ఎవర్నీ పోనివ్వకుండా రాశాను నేను.

తప్పు రెండు లైన్లలో ఉంది:

```sql
DATEDIFF(@asof, last_action_on) AS age
...
WHERE status IN ('SUBMITTED', 'APPROVED')
```

మొదటి లైను వయసుని చివరిసారి ఎవరు ముట్టుకున్నారో ఆ తారీఖు నుంచి లెక్కేస్తుంది. ఎవరైనా ఆమోదించినా, వెనక్కి పంపినా, మళ్ళీ పెట్టినా గడియారం సున్నాకొస్తుంది. అంటే క్లెయిము ఎంతమంది చేతులు మారితే అంత పడుచుదైపోతుంది. రెండో లైను ఇంకా ఘనమైనది. వెనక్కి పంపిన వాటి స్టేటసు `RETURNED`. అది ఆ జాబితాలో లేదు. కాబట్టి వెనక్కి పంపిన క్షణం నుంచి కంపెనీ లెక్కలో ఆ బాకీ లేనట్టే.

నేనెందుకలా రాశానంటే, రాయమన్నారు కాబట్టి. రిక్వైర్‌మెంటు డాక్యుమెంటులో "చివరి చర్య నుంచి ఎన్ని రోజులు" అనే ఉంది. నేను ప్రశ్నించలేదు. టెస్టు కేసులు కూడా అన్నీ ఒక్కసారి పెట్టి ఒక్కసారి ఆమోదం పొందిన బుద్ధిమంతుల క్లెయిములే. వెనక్కొచ్చిన క్లెయిము ఒక్కటి పెట్టి చూసి ఉంటే మొదటి రోజే దొరికిపోయేది. ఇది నా వాటా రాయి, తీసుకున్నాను.

ఇప్పుడు నా వాదన. ఏజింగ్ గడియారం ఉద్యోగి మొదటిసారి క్లెయిము పెట్టిన రోజు మొదలవ్వాలి, డబ్బు అతని ఖాతాలో పడిన రోజే ఆగాలి. మధ్యలో ఎవరు ఏం నొక్కినా అది సున్నాకి రాకూడదు. ఇంతే. దీనికి రాయాల్సిన కోడు కూడా ఇంతే:

```sql
DATEDIFF(@asof, first_submitted_on) AS age
...
WHERE first_submitted_on <= @asof
  AND (closed_on IS NULL OR closed_on > @asof)
```

ఇక్కడ `closed_on` అంటే డబ్బు చెల్లించిన రోజు, లేదా ఉద్యోగే క్లెయిము వద్దనుకున్న రోజు, లేదా కారణం రాసి పూర్తిగా తిరస్కరించిన రోజు. "వెనక్కి పంపాం" అనేది ముగింపు కాదు. ఇలా రాస్తే ఇంకో లాభం కూడా ఉంది. ఏప్రిల్ 30 రిపోర్టుని ఏప్రిల్ 30న తీసినా, మే 10న తీసినా అవే క్లెయిములు, అవే వయసులు వస్తాయి. పాత దాంట్లో తీసిన రోజుని బట్టి గతం మారిపోయేది.

ఈ మాట ఫైనాన్సు మేడం దగ్గర అంటే ఆవిడ వెంటనే ఒప్పుకోలేదు. ఆవిడ వాదనలో కూడా పస ఉంది కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తాను. "చూడు బాబూ, మేనేజరు ఆమోదించేదాకా అది కంపెనీ బాకీ కాదు. ఎవరు పడితే వాళ్ళు ఏది పడితే అది పెడితే బాకీ అయిపోతుందా? ఏజింగ్ ఆమోదం తారీఖు నుంచి ఉండాలి. పైగా రిపోర్టు మొత్తం లెడ్జరులో ఉద్యోగులకి చెల్లించాల్సిన ఖాతా నిల్వతో సరిపోవాలి. నీ లెక్క ప్రకారం సరిపోదు."

సరిపోవాలన్నది నిజమే. సరిపోని రిపోర్టుని ఆడిటరు నమ్మడు. కానీ దానికి మందు మొత్తాన్ని రెండు ముక్కలుగా చూపించడం. ఆమోదమై లెడ్జరులోకి ఎక్కినవి ఒక ముక్క, అది పైసలతో సహా సరిపోవాలి. ఇంకా ఎక్కనివి రెండో ముక్క. రెంటికీ గడియారం మాత్రం ఒక్కటే.

ఇక ఆమోదం నుంచి లెక్కేద్దామంటారా, మా కుర్రాడి క్లెయిమే తీసుకోండి. ఖర్చయింది మార్చి 14 లోపు. ఆమోదం ఏప్రిల్ 9. మధ్యలో మార్చి 31 ఉంది, ఆర్థిక సంవత్సరం ముగింపు. ఆమోదం తారీఖే గడియారమైతే మార్చి 31 రిపోర్టులో ఈ 46,850 ఉండదు. దానికి ప్రొవిజను పెట్టాలని ఎవరికీ తోచదు. 2024-25 ఖర్చు పోయి 2025-26లో కూర్చుంటుంది. ఉద్యోగి మీద జాలితో కాకపోయినా, ఫైనాన్సు వాళ్ళు తమ పుస్తకాల కోసమైనా ఆమోదం కాని క్లెయిముల్ని చూడాల్సిందే. ఈ మాటకి మేడం కాసేపు ఏమీ అనలేదు. తరవాత "రెండో ముక్క విడిగా పెట్టి చూపించు" అన్నారు.

"మీ వాళ్ళు నాలుగు నెలల పాత బిల్లులు తెచ్చి పడేస్తారు కదా, దానికెవరిది బాధ్యత?" అని కూడా అడిగారు. న్యాయమైన ప్రశ్న. అందుకే నేను ఖర్చు పెట్టిన రోజు నుంచి లెక్కెయ్యమనట్లేదు, క్లెయిము పెట్టిన రోజు నుంచి అంటున్నాను. అంతకుముందు బిల్లు పర్సులో ఉన్న రోజులు మన బద్ధకం ఖాతాలోవి. ఖర్చు తారీఖు పక్కన ఇంకో కాలంలో చూపించుకోవచ్చు, ఎవరికీ అభ్యంతరం లేదు.

సరే, గడియారం సరిచేశాం. 104 రోజులు అని తేలింది. కానీ 104 అన్న అంకె ఒక్కటే ఉంటే ఎవరికి వాళ్ళు పక్కవాడి వైపు వేలు చూపిస్తారు. అందుకే ఆ రోజుల్లో క్లెయిము ఎవరి చేతిలో ఎన్నాళ్ళుందో విడగొట్టాను. మేనేజరు దగ్గర 22, రెండోసారి 14, కలిపి 36. ఫైనాన్సు పరిశీలనలో 7, తరవాత 4, కలిపి 11. జీతాల తారీఖు కోసం ఖాళీగా కూర్చున్నది 38. కుర్రాడి చేతిలో 19. అన్నీ కూడితే 104.

ఈ లెక్క చూశాక నాకు రెండు విషయాలు మింగుడుపడలేదు.

ఒకటి, ఆ 38 రోజులు. అందరూ సరే అన్నాక కూడా డబ్బు కదలకపోవడానికి కారణం మనిషి కాదు, 20వ తారీఖు అనే గీత. అమ్మకందార్లకి వారానికోసారి చెల్లింపులు జరుగుతూనే ఉన్నాయి. అదే బ్యాచిలో ఉద్యోగుల క్లెయిములు కూడా వెయ్యొచ్చు. ఏ బకెట్టు చూసినా ఈ 38 కనబడదు, ఎవరి చేతిలో ఎన్నాళ్ళో చూస్తేనే కనబడుతుంది.

రెండోది వింటే నవ్వాలో ఏడవాలో తెలీదు. వెనక్కి పంపిన కారణం హోటలు బిల్లు మీద కంపెనీ జీఎస్టీ నంబరు లేకపోవడం కదా. ఆ బిల్లు 11 రాత్రులకి, రాత్రికి 2,800 చొప్పున 30,800. అప్పటి 12 శాతం జీఎస్టీ 3,696. మొత్తం 34,496. నంబరు ఉంటే ఆ పన్నుని కంపెనీ తిరిగి క్రెడిట్‌గా తీసుకోవచ్చనే ఆశ. కానీ హోటలు బస విషయంలో సేవ ఎక్కడ అందిందంటే, చట్టం ప్రకారం హోటలు ఉన్నచోటే. చెన్నై హోటలు వేసేది తమిళనాడు సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ. మా కంపెనీ రిజిస్ట్రేషను తెలంగాణలోనే ఉంది, తమిళనాడులో లేదు. తెలంగాణ రిజిస్ట్రేషను మీద ఆ క్రెడిట్ రానే రాదు! అంటే నంబరున్నా 3,696 పోయినట్టే, లేకపోయినా పోయినట్టే. ఏప్రిల్ 16న వెనక్కి పంపకుండా సరే అని ఉంటే 20వ తారీఖు గడువులోపే పడేది, ఏప్రిల్ 30న డబ్బులొచ్చేవి. రాని పన్ను కోసం 61 రోజులు ఆలస్యం. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఇదే.

పరిశీలించిన అమ్మాయిని అనడానికి లేదు. ఆమె ముందున్న చెక్‌లిస్టులో "జీఎస్టీ నంబరు ఉందా" అని ఒక గడి ఉంది, లేదు కాబట్టి వెనక్కి పంపింది. హోటలు ఏ రాష్ట్రంలో ఉందని ఆ గడి అడగదు. వెనక్కి పంపిన వాటిని రిపోర్టులోంచి దాచెయ్యకుండా కారణాలతో సహా చూపించి ఉంటే, ఇదే కారణంతో ఎన్ని తిరిగొస్తున్నాయో ఎవరో ఒకరికి కనబడేది. దాచినదాన్ని ఎవరు సరిచేస్తారు?

ఇప్పుడు రిమైండర్ల సంగతి. ఇక్కడ కూడా మొదటి ముద్దాయిని నేనే. పాత పద్ధతిలో క్లెయిము పెండింగులో ఉంటే మూడు రోజులకోసారి మెయిలు వెళ్ళేది. ఎవరికి? ఉద్యోగికి! "మీ క్లెయిము ఆమోదం కోసం వేచి ఉంది, దయచేసి మీ మేనేజరుని సంప్రదించండి" అని. ఆలోచించండి. అప్పిచ్చినవాడికి ఫోను చేసి "నీ బాకీ ఇంకా తీరలేదు, వెళ్ళి అడుక్కో" అన్నట్టు లేదూ? చేరి ఏడాది కాని కుర్రాడు, అప్రైజలు రాసే మేనేజరు దగ్గరకెళ్ళి నా డబ్బు సంగతేంటి సార్ అని ఎన్నిసార్లు అడగగలడు? మా వాడు రెండుసార్లడిగి ఊరుకున్నాడు. మేనేజర్లకి మాత్రం సోమవారం పొద్దున ఒకే ఒక్క మెయిలు, "పెండింగు ఆమోదాలు" అని, ప్రతి వారం అదే సబ్జెక్టుతో. మా మేనేజరు దాన్ని నేరుగా ఒక ఫోల్డరులోకి పంపే రూలు పెట్టుకున్నాడు. తరవాత ఆయనే చెప్పాడు, నవ్వుతూ.

నేను మార్చింది ఇది. రిమైండరు క్లెయిము ఎవరి చేతిలో ఉంటే వాళ్ళకే వెళ్తుంది. వాళ్ళ చేతికొచ్చిన మూడో రోజు ఒకటి, ఏడో రోజు ఇంకొకటి. పదో రోజు వాళ్ళ పైవాళ్ళకి వెళ్తుంది, వాళ్ళు కూడా ఆమోదించగలిగేలా. సెలవులో ఉన్న మేనేజరుకి కాదు, ఆయన బదులు పెట్టిన మనిషికి. సబ్జెక్టులోనే ఎవరి డబ్బు, ఎంత, పెట్టి ఎన్ని రోజులైందో ఉంటుంది. "46,850 రూపాయలు, 74 రోజులు" అని కళ్ళ ముందు కనబడితే, ఫోల్డరులోకి తోసే రూలు రాయడానికి ఎంతటివాడికైనా కాస్త చెయ్యి వణుకుతుంది. వెనక్కొచ్చిన క్లెయిముకి మాత్రం ఉద్యోగికే వెళ్తుంది, ఏ బిల్లులో ఏం తక్కువైందో రాసి. 60 రోజులు దాటితే సిస్టమే మూసెయ్యాలని ఒకరు సలహా ఇచ్చారు. వద్దన్నాను. అలా మూస్తే బకెట్లు శుభ్రంగానే ఉంటాయి, కానీ బాకీ తీరి కాదు, ఎగ్గొట్టి.

ఇంత గొడవెందుకు, వచ్చాయిగా చివరికి అనేవాళ్ళకి ఒక మాట. మా కుర్రాడు ఆ హోటలు బిల్లు తన కార్డు మీద కట్టాడు. మొత్తం తీర్చలేక కనీస మొత్తం కట్టుకుంటూ వచ్చాడు. వాడి కార్డు వడ్డీ నెలకి 3.5 శాతం. 34,496 మీద నెలకి సుమారు 1,207, దాని మీద 18 శాతం జీఎస్టీ, కలిపి దాదాపు 1,424. అనవసరంగా గడిచిన ఆ రెండు నెలలకే 2,850 దాకా. ఇది ఏ క్లెయిములోనూ పెట్టడానికి గడి లేదు.

అదే ఒక చిన్న సరఫరాదారు అయితే 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం 45 రోజులు దాటకుండా చెల్లించాలి, దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకి మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీతో కట్టాలి. మన క్లెయిముకి అలాంటిదేం వర్తించదు. పోనీ జీతం ఆలస్యమైనట్టు అడుగుదామా అంటే, ఉద్యోగ స్వభావం వల్ల అయ్యే ప్రత్యేక ఖర్చుల కోసం ఇచ్చే డబ్బు మునుపటి 1936 వేతన చెల్లింపు చట్టంలోనూ, ఇప్పటి 2019 వేతన కోడ్‌లోనూ జీతం నిర్వచనంలోకి రాదు. అటు అమ్మకందారూ కాదు, ఇటు జీతమూ కాదు. మనకున్న దిక్కల్లా ఆ ఒక్క రిపోర్టే. అది కూడా అబద్ధం చెప్తే ఇంకెవరితో చెప్పుకోవాలి?

కొత్త లెక్కతో మొదటిసారి తీసినప్పుడు సున్నా ఉన్న చివరి బకెట్టులో 17 క్లెయిములు లేచి కూర్చున్నాయి. నాకు రెండు రోజుల్లో పై నుంచి ఫోను: "రివ్యూ ఉంది, ఈ నెలకి పాత రిపోర్టే పంపించు, తరవాత చూద్దాం." నేను పాత అంకెలూ, కొత్త అంకెలూ పక్కపక్కన పెట్టి పంపించాను. దానికి ఇంతవరకూ మెచ్చుకోలు మెయిలు రాలేదు. అయితే ఆ 17లో 14 తరవాతి నెల తిరిగేలోపు చెల్లింపయ్యాయి. మేడం చెక్‌లిస్టులో ఒక గడి చేర్పించారు, హోటలు ఏ రాష్ట్రంలో ఉందని. 20వ తారీఖు గీత మాత్రం ఇంకా అక్కడే ఉంది.

మీలో ఎంతమంది ఇలాంటి రిపోర్టులు రాస్తుంటారో నాకు తెలీదు గానీ, రాసేవాళ్ళు రేపు ఆఫీసుకెళ్ళి ఒక్క పని చెయ్యండి. రెండుసార్లు వెనక్కొచ్చిన ఒక క్లెయిము వెతికి పట్టుకుని, దాని వయసు చేత్తో లెక్కపెట్టి, మీ రిపోర్టు ఏమంటుందో చూడండి. రెండూ ఒకటే అయితే మీకో దండం. కాకపోతే ఆ మధ్యలో ఉన్న రోజులు ఎవరి జేబులోంచి పోయాయో, వెళ్ళి వాళ్ళ సీటు దగ్గర నిలబడి మీరే చెప్పండి.